మెట్ల పందెం ఓడిపోయేది మొదటి పది అంతస్తుల్లోనే

గల్ఫ్‌లో ఉన్న మన వాళ్లకి మెట్లు కొత్త కాదు. లిఫ్టు ఇంకా బిగించని బిల్డింగులో ఇరవయ్యో అంతస్తు దాకా పైపులు మోసినవాళ్లున్నారు. కేబుల్ చుట్ట భుజాన వేసుకుని రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగినవాళ్లున్నారు. అందుకే కంపెనీలో ఎవరైనా "మెట్ల పందెం ఉంది, టీము పంపుతున్నాం, పేరు ఇస్తారా" అని అడిగితే మన వాళ్ల నోట వచ్చే మొదటి మాట ఒకటే. "గదేం పెద్ద పని అన్నా, రోజూ ఎక్కేదే గదా!"

ఈ మాటతోనే నాకు పేచీ. రోజూ మెట్లెక్కే కాళ్లు గట్టివే, కాదనను. కానీ పందేనికి కావలసింది కాళ్ల బలం ఒక్కటే కాదు. అసలు మెట్ల పందెం బలం లేక ఓడిపోయేవాళ్లకంటే తొందరపడి ఓడిపోయేవాళ్లే ఎక్కువ. ఆ తొందర కూడా ఎక్కడో నలభయ్యో అంతస్తులో జరిగేది కాదు, మొదటి పది అంతస్తుల్లోనే జరిగిపోతుంది. కాబట్టి సాధన చేయాల్సింది ముందుగా వేగం పెంచుకోవడం కాదు, వేగాన్ని పట్టి ఉంచుకోవడం. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

పందెం అంటే ఎంత దూరం?

ఈ పందేల్లో బాగా పేరున్నది న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగు పైకి పరుగు. 1978లో మొదలైంది. 86 అంతస్తులు, 1,576 మెట్లు. ఆస్ట్రేలియాకు చెందిన పాల్ క్రేక్ అనే సైకిల్ పందేల వీరుడు 2003లో దాన్ని 9 నిమిషాల 33 సెకన్లలో ఎక్కాడు. అంటే సెకనుకు దాదాపు మూడు మెట్లు, అదీ ఆగకుండా. మనకు దగ్గర్లో దుబాయ్ ఎమిరేట్స్ టవర్స్‌లో కూడా ఇలాంటి పందేలు జరిగాయి. అక్కడ 52 అంతస్తులు, 1,334 మెట్లు.

ఈ దుబాయ్ లెక్కనే ముందు పెట్టుకుందాం. ఒక మెట్టు 18 సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే 1,334 మెట్లు కలిసి 240 మీటర్లవుతాయి. 70 కిలోల మనిషి తన 70 కిలోలనీ 240 మీటర్ల ఎత్తుకి తానే ఎత్తుకోవాలి. సిమెంటు బస్తా 50 కిలోలే! నేల మీద పరుగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకీ ఒంటికి ముందుకు జారే ఊపు ఉంటుంది. మెట్ల మీద ఆ ఊపు లేదు. ప్రతి అడుగూ కొత్తగా ఎత్తాల్సిందే. కాలు ఆపితే అక్కడే ఆగిపోతాం.

సైటు మీద ఎక్కడానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. సైటులో బరువు మోస్తాం, కానీ ఎక్కడో ఒక చోట దింపుతాం. ల్యాండింగులో ఒక నిమిషం నిలబడతాం, ఫోర్‌మన్ కనిపించకపోతే రెండు నిమిషాలు. ఆ మధ్యలో ఊపిరి తిరిగి వస్తుంది. పందెంలో ఆ నిమిషం ఉండదు. కాళ్లకు మెట్లు అలవాటే, ఊపిరికి మాత్రం ఆగని పదిహేను నిమిషాలు అలవాటు లేదు.

మొదటి రెండు నిమిషాలు చెప్పే అబద్ధం

కింద నిలబడ్డప్పుడు కాళ్లు తాజాగా ఉంటాయి. చుట్టూ చప్పట్లు, ఈలలు. బయలుదేరమనగానే రెండేసి మెట్లు దూకుతూ పోతాం. మొదటి ఐదు అంతస్తులు అసలు కష్టమే అనిపించదు. ఎందుకని?

కండకు పని చేయడానికి శక్తి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కండలో ముందే దాచి ఉన్న సరుకు. అది ప్రాణవాయువు కోసం ఆగదు, అడగ్గానే ఇస్తుంది. కానీ కొద్దిగానే ఉంటుంది. రెండోది ఊపిరితిత్తులు, గుండె కలిసి ప్రాణవాయువు పంపితే వచ్చే శక్తి. ఇదే ఎక్కువసేపు నిలిచేది. అయితే ఇది పూర్తిగా అందుకోవడానికి ఇంచుమించు రెండు నిమిషాలు పడుతుంది. ఈ రెండు నిమిషాలూ ఒళ్లు దాచిన సరుకును, అప్పును వాడుకుంటూ ఉంటుంది. అప్పు తీసుకునేటప్పుడు బరువు తెలియదు కదా. జీతం చేతికి రాగానే రెండు రోజుల్లో ఖర్చు పెట్టినవాడికి నెల చివర ఎలా ఉంటుందో, మొదటి పది అంతస్తులు దూకినవాడికి ఇరవై దాటాక అలా ఉంటుంది. తొడల్లో మంట మొదలవుతుంది. ఊపిరి నిండదు. అప్పుడు కాస్త మెల్లగా నడిచినా తేరుకోవడం కష్టం, ఎందుకంటే మెల్లగా అంటే కూడా ఎక్కడమే!

కాబట్టి మొదట్లో "హాయిగా ఉంది" అనిపించడాన్ని నమ్మకూడదు. దాన్ని నమ్మకుండా ఉండటానికి ఒక కొలత కావాలి. ఆ కొలత గడియారం.

ఇద్దరు మనుషుల లెక్క

జగిత్యాల నుంచి వచ్చి షార్జాలో ఎలక్ట్రీషియన్ హెల్పర్‌గా పనిచేస్తున్న ఒక తమ్ముణ్ణి ఊహించుకుందాం. వయసు 28, ఆరోగ్యం బాగుంది, మొదటిసారి పందెం. 52 అంతస్తులు పదిహేను నిమిషాల లోపు ఎక్కాలనుకున్నాడు. అంతస్తుకి 17 సెకన్ల లెక్క పెట్టుకున్నాడు. 52ని 17తో గుణిస్తే 884 సెకన్లు, అంటే 14 నిమిషాల 44 సెకన్లు. నిమిషానికి సుమారు 90 మెట్లు. పది అంతస్తులకి 2 నిమిషాల 50 సెకన్లు కావాలి. ఇరవైకి 5 నిమిషాల 40, ముప్పైకి 8 నిమిషాల 30, నలభైకి 11 నిమిషాల 20. ఈ నాలుగు అంకెలు పెన్నుతో ముంజేతి మీద రాసుకున్నాడు.

అతని పక్కన అదే వయసు, అదే బలం ఉన్న ఇంకో తమ్ముడు. అతనికి లెక్క లేదు. మొదటి పది అంతస్తులు పదేసి సెకన్లలో దూకాడు. 100 సెకన్లయ్యాయి. తర్వాతి పది అంతస్తులకి ఊపిరి బిగిసింది, అంతస్తుకి 16 సెకన్లు పట్టాయి. ఇరవయ్యో అంతస్తు దగ్గర అతని గడియారం 4 నిమిషాల 20 సెకన్లు చూపిస్తోంది. మన జగిత్యాల తమ్ముడికంటే 80 సెకన్లు ముందున్నాడు. చూసేవాళ్లంతా వీడే గెలుస్తాడంటారు.

కానీ ఇక్కడి నుంచి అప్పు తీర్చే వంతు వచ్చింది. మిగిలిన 32 అంతస్తులు అంతస్తుకి 22 సెకన్ల చొప్పున, రెయిలింగ్ పట్టుకుని ఈడ్చుకుంటూ ఎక్కాడు. ఆ 32కి 704 సెకన్లు. మొత్తం 16 నిమిషాల 4 సెకన్లు. ఇరవయ్యో అంతస్తు పైన అంతస్తుకి ఐదేసి సెకన్లు పోగొట్టుకుంటూ వచ్చాడు కాబట్టి సరిగ్గా ముప్పై ఆరో అంతస్తులో మొదటి తమ్ముడు అతన్ని అందుకున్నాడు. పైన చేరేసరికి 80 సెకన్లు ముందున్నవాడు 80 సెకన్లు వెనకబడ్డాడు.

ఇది లెక్క కోసం నేను వేసిన అంకెలే. మనిషిని బట్టి అటూ ఇటూ అవుతాయి. కానీ ఈ ఆకారం మాత్రం మారదు. మెట్ల పందెం ఎప్పుడు చూసినా ఇరవై దాటాక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో చాలామంది కింద అందరికంటే ముందు బయలుదేరినవాళ్లే.

క్యాంపు మెట్ల మీద వేగం నేర్చుకోవడం ఎలా?

"యాభై అంతస్తుల బిల్డింగు మాకెక్కడిది అన్నా" అనొచ్చు. నిజమే, మన క్యాంపుల్లో చాలా వరకు నాలుగైదు అంతస్తులకు మించవు. కానీ ఐదు అంతస్తులు చాలు, వేగం నేర్చుకోవడానికి. ఎనిమిది వారాలు చేతిలో ఉండాలి, వారానికి మూడు రోజులు. రోజంతా బరువులు మోసిన సాయంత్రం మాత్రం వద్దు. పని తేలిగ్గా ఉన్న రోజో, సెలవు రోజో ఎంచుకోవాలి.

మొదటి రెండు వారాలు ఐదు అంతస్తులు మెల్లగా ఎక్కి దిగడం, ఆరుసార్లు. పక్కవాడితో ఊరి ముచ్చట్లు చెప్పుకుంటూ ఎక్కగలిగేంత నెమ్మదిగా. మాట తెగిపోతే వేగం ఎక్కువైందన్నమాట. దిగడం కూడా నింపాదిగా, రెయిలింగ్ మీద చెయ్యి ఉంచి.

మూడో వారం నుంచి గడియారం బయటికి తీయాలి. ఐదు అంతస్తులు ఒక్కోదానికి 17 సెకన్ల లెక్కన 85 సెకన్లు. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఎక్కేటప్పుడు గడియారం చూడకూడదు. పైకి చేరాక ముందు "ఎంత పట్టి ఉంటుంది" అని మనసులో ఒక అంకె అనుకుని, అప్పుడు చూడాలి. మొదటి రోజు 70 వస్తుంది, తర్వాత 78, ఒక్కోసారి 95. ఎనిమిదిసార్లు ఎక్కితే ఎనిమిది రకాలుగా వస్తుంది. నాలుగైదు రోజుల సాధనలో మీ అంచనాకీ గడియారానికీ మధ్య తేడా మూడు సెకన్లకు తగ్గిపోతుంది. అప్పటికి 17 సెకన్ల అంతస్తు మీ కాళ్లకి తెలిసిపోయినట్టే. పందెం రోజు చప్పట్ల మధ్యలో మిమ్మల్ని పట్టి ఆపేది ఈ తెలివిడే.

కానీ ఐదు అంతస్తుల సాధన ఒక అబద్ధం చెబుతుంది. ప్రతి 85 సెకన్లకీ దిగుతూ ఒక నిమిషంన్నర విశ్రాంతి తీసుకుంటున్నాం కదా! పందెంలో అది ఉండదు. అందుకని వారంలో ఒక రోజు ఇంకో పని చేయాలి. కింది నుంచి రెండో మెట్టు మీద ఒక కాలు పెట్టి పైకి లేవడం, మళ్లీ నేలకు దిగడం. నిమిషానికి ఇరవైసార్లు, ఆగకుండా పదిహేను నిమిషాలు. నిమిషానికొకసారి ముందు పెట్టే కాలు మార్చాలి. దీని భారం పందెంలో సగం కూడా ఉండదు. దీనితో వేగం రాదు. ఆగకుండా పదిహేను నిమిషాలు పనిచేయడం గుండెకి, ఊపిరికి అలవాటవుతుంది, అంతే. ఆ పనికి ఇది సరిపోతుంది.

ఐదో వారమో ఆరో వారమో ఒక్కసారైనా పెద్ద బిల్డింగు ఎక్కి చూడాలి. నాతూర్‌నో సెక్యూరిటీనో అడిగి, ఒప్పుకుంటేనే. దొంగచాటుగా వద్దు. చాలా బిల్డింగుల్లో ఎమర్జెన్సీ మెట్ల తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు. ఒకసారి మెట్లలోకి వెళ్లి తలుపు పడిపోతే కింది దాకా దిగాల్సిందే. ఏ తలుపు తెరిచి ఉంటుందో ముందే కనుక్కోండి. తలుపు మూసుకోకుండా చెక్కముక్క అడ్డం పెట్టడం అసలే వద్దు, అది అగ్ని ఆపడానికి పెట్టిన తలుపు. లోపల ఫోను సిగ్నలు కూడా సరిగా రాదు. ఒంటరిగా పోకుండా తోడు ఒకరుండాలి.

అక్కడ 26 అంతస్తులు, అంటే పందెంలో సగం, 17 సెకన్ల లెక్కన ఎక్కి చూడండి. 7 నిమిషాల 22 సెకన్లు పట్టాలి. పైకి చేరాక ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే లెక్క మీకు సరిపోయింది. ఒక్కో మాట విడివిడిగా వస్తుంటే పందేనికి ఆ వేగం మీది కాదు. 19 సెకన్లకు మార్చుకోండి. 52 అంతస్తులు 16 నిమిషాల 28 సెకన్లవుతుంది. సిగ్గుపడాల్సిన పని లేదు. మధ్యలో ఆగిపోయిన 17 కంటే ఆగని 19 మేలు. చివరి వారం సాధన సగానికి తగ్గించి, పందేనికి ముందు రెండు రోజులు పూర్తిగా మానేయాలి.

ఊపిరి అడుగులతో కలవాలి

మెట్ల మీద మన వాళ్లు చేసే పెద్ద పొరపాటు ఊపిరి బిగబట్టడం. బరువు ఎత్తేటప్పుడు బిగబట్టడం సైటులో అలవాటు. రెయిలింగ్ పట్టి లాక్కునేటప్పుడు కూడా తెలియకుండానే బిగబడతాం. అలా చేస్తే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది, తల తిరుగుతుంది.

దీనికి విరుగుడు ఊపిరిని అడుగులకు కట్టేయడమే. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే రెండు మెట్లకి లోపలికి, రెండు మెట్లకి బయటికి. రెండేసి మెట్లు ఎక్కుతుంటే ఒక అంగకి లోపలికి, ఇంకో అంగకి బయటికి. నిమిషానికి 90 మెట్ల వేగంలో ఇది ఇరవై రెండు, ఇరవై మూడు ఊపిర్లవుతుంది. మొదటి పది అంతస్తులు దీంతోనే పోవాలి. పైకి పోయేకొద్దీ ఊపిరి సహజంగానే రెట్టింపవుతుంది, ఒక మెట్టుకి లోపలికి, ఒక మెట్టుకి బయటికి. అది నలభయ్యో అంతస్తులో వస్తే మంచిదే. పదో అంతస్తులోనే వచ్చిందంటే వేగం తగ్గించమని ఒళ్లు చెబుతోందన్నమాట. అప్పుడు రెండేసి మెట్లు మానేసి రెండు అంతస్తుల పాటు ఒక్కో మెట్టూ ఎక్కండి, ఊపిరి దారిలో పడుతుంది.

ముక్కుతోనే పీల్చాలని పట్టుబట్టొద్దు. ఈ పనికి ముక్కు ఒక్కటే చాలదు, నోరు కూడా కావాలి. పీల్చడం కంటే బయటికి గట్టిగా ఊదడం మీద దృష్టి పెట్టండి. లోపల ఉన్నది ఖాళీ అయితే కొత్తది తనంతట తానే నిండుతుంది.

ఇంకో సంగతి. మెట్ల దారిలో గాలి ఆడదు. దుమ్ము ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది. పందెం అయ్యాక గంటో రెండు గంటలో పొడి దగ్గు రావడం ఈ ఆటలో మామూలే. గోరువెచ్చని నీళ్లు తాగితే చాలా వరకు తగ్గుతుంది. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకి, సిమెంటు దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసి పిల్లికూతలు వస్తున్నవాళ్లకి ఈ గాలి మంచిది కాదు. వాళ్లు డాక్టరుకు చూపించుకోకుండా పేరు ఇవ్వొద్దు.

కాళ్లు: గుంజీలు, పిక్కలు, రెయిలింగ్

కాళ్లను తయారు చేయడానికి జిమ్ము అక్కర్లేదు. చిన్నప్పుడు బళ్లో మాస్టారు తీయించిన గుంజీలు చాలు. కాకపోతే ఇక్కడ లెక్క కంటే పద్ధతి ముఖ్యం. మెల్లగా కిందికి, మడమలు నేల వదలకుండా, మోకాలు లోపలికి వాలకుండా, కాలి వేళ్ల దిక్కుకే ఉండేలా. పదిహేను చొప్పున మూడు విడతలు. తర్వాత కింది మెట్టు అంచున కాలి ముందు భాగం పెట్టి, మడమ కిందికి దించి మళ్లీ పైకి లేపడం. ఇది పిక్కలకు. ఇరవై చొప్పున మూడు విడతలు. వారానికి రెండు రోజులు ఈ రెండూ చేస్తే చాలు.

నాలుగు వారాలు దాటాక రెండో మెట్టు మీదికి ఒంటికాలితో లేవడం కలపొచ్చు, కాలికి పది చొప్పున. ఇదే రెండేసి మెట్లు ఎక్కే బలం ఇస్తుంది. వెన్నుకు బ్యాగు కట్టుకుని అందులో నీళ్ల సీసాలు వేసుకోవచ్చు, ఐదు కిలోల దాకా. రూములో ఉండే పెద్ద నీళ్ల బాటిలు భుజాన పెట్టుకుని ఎక్కడం మాత్రం వద్దు. అది ఇరవై కిలోల దాకా ఉంటుంది, పైగా నీళ్లు లోపల కదులుతుంటే తూకం తప్పుతుంది.

ఒక్కో మెట్టా, రెండేసి మెట్లా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. పై వరుసలో గెలిచేవాళ్లు ఎక్కువగా రెండేసి ఎక్కుతారు. అడుగుల సంఖ్య సగమవుతుంది, పిరుదుల్లోని పెద్ద కండలు పనిలోకి వస్తాయి. కానీ ఆ కండలు అలవాటు పడని కొత్తవాడికి తొడలు త్వరగా మండుతాయి. నా మాట ఏమిటంటే, రెండూ నేర్చుకోండి, మార్చి మార్చి వాడండి. ఐదు అంతస్తులు రెండేసి, రెండు అంతస్తులు ఒక్కోటి. అప్పుడు ఒక కండ పనిచేస్తుంటే ఇంకోదానికి కాస్త ఊరట. మెట్ల వరుసలో ఎన్ని మెట్లున్నాయో ముందే లెక్కపెట్టుకోండి. పదకొండుంటే ఐదుసార్లు రెండేసి, చివర ఒకటి. లెక్క తెలియనివాడు చివరి మెట్టు దగ్గర తడబడి కాలు తన్నుకుంటాడు.

చేతులు కూడా కాళ్లే ఈ ఆటలో. లోపలి వైపు రెయిలింగ్ పక్కనే ఉండండి, మలుపులో దూరం తగ్గుతుంది. చెయ్యి ఒంటికి కాస్త ముందు పట్టుకుని వెనక్కి లాగండి. ల్యాండింగులో రెయిలింగ్ మూలను పట్టుకుని తిరిగితే రెండు అడుగుల్లో తర్వాతి వరుస మీద ఉంటారు. దాన్ని విడిచి గోడ పక్కనుంచి తిరిగితే నాలుగైదు అడుగులు పడతాయి. యాభై రెండు అంతస్తుల్లో ఆ వృథా అడుగులన్నీ కలిపితే ఎంతవుతుందో చూసుకోండి. అయితే వెనకాల వేగంగా వస్తున్నవాడు దారి అడిగితే లోపలి వైపు వదిలి పక్కకి జరగాలి. అది ఈ ఆట మర్యాద.

ఇక దిగడం. ఎక్కడం కంటే దిగడమే కండల్ని ఎక్కువ నలగ్గొడుతుంది. దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బరువు ఆపుతుంది, ఆ సాగుడులో లోపల సన్నగా దెబ్బతింటుంది. రెండో రోజు కుర్చీలో కూర్చోలేని నొప్పి దానిదే. పెద్ద బిల్డింగులో సాధన చేస్తే దిగేటప్పుడు లిఫ్టులో రండి. అది బద్ధకం కాదు. తొడ బరువుగా, రెండు వైపులా సమానంగా నొప్పి ఉంటే రెండు మూడు రోజుల్లో పోతుంది. మోకాలి చిప్ప కింద ఒక్క చోట పొడిచినట్టుంటే, దిగేటప్పుడు ఎక్కువవుతుంటే అది కండ నొప్పి కాదు. వారం ఆపేయండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఎక్కడ ఆగిపోవాలి?

గల్ఫ్‌లో మన వాళ్లు నిద్రలోనే, పనిలోనే గుండె ఆగి పోయారన్న వార్తలు మనం ఎన్నిసార్లు వినలేదు? పెట్టెలో ఇంటికి చేరిన వాళ్లలో ముప్పై, నలభై ఏళ్లవాళ్లూ ఉన్నారు. మెట్ల పందెం గుండెను చివరి అంచు దాకా పనిచేయిస్తుంది. అందుకే దీన్ని సరదా అనుకుని తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను.

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు, సిగరెట్ తాగేవాళ్లు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు క్లినిక్‌లో చూపించుకున్నాకే సాధన మొదలుపెట్టాలి. ఎండాకాలం రోజంతా బయట పనిచేసిన సాయంత్రం, ఏసీ లేని మెట్ల దారిలో ఈ సాధన వద్దే వద్దు. తెల్లవారుజామున చేయాలి, లేదంటే చలికాలం దాకా ఆగాలి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో కూడా చేయకూడదు.

తొడల మంట, ఆయాసం మామూలు. వేగం తగ్గిస్తే అవీ తగ్గుతాయి. కానీ ఛాతీ మీద బరువు పెట్టినట్టుండటం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, కళ్లు చీకట్లు కమ్మడం, చల్లని చెమట పట్టడం మామూలు కాదు. అప్పుడు ఇంకొక్క అంతస్తే ఉన్నా ఎక్కొద్దు. అక్కడే ల్యాండింగులో కూర్చోవాలి. పక్కవాళ్లను పిలవాలి. యూఏఈలో అంబులెన్సుకి 998. పక్కవాడు అలా కూర్చుంటే మీ గడియారం సంగతి వదిలేసి అతని దగ్గర ఆగండి.

చివరిగా కంపెనీల వాళ్లతో ఒక మాట. పందేనికి వారం ముందు టీషర్టు చేతికిచ్చి "నువ్వు గట్టోడివి, నువ్వు పో" అనడం సరి కాదు. సైటులో గట్టిగా ఉన్నంత మాత్రాన అతనికి ఎనిమిది వారాల సాధన అక్కర్లేదని కాదు. పేరు రాయించుకునేటప్పుడే ఎనిమిది వారాల గడువు, ఒక వైద్య పరీక్ష, సాధన రోజుల్లో ఓవర్‌టైం లేని సాయంత్రాలు ఇవ్వాలి. ఇవి ఇవ్వలేని కంపెనీ ఆఫీసువాళ్లనే పంపుకోవచ్చు.

మన వాళ్లు కూడా అడగడానికి మొహమాటపడొద్దు. "ఎన్ని మెట్లు, ఎప్పుడు, సాధనకి టైము ఉందా" అని మూడు ప్రశ్నలు అడిగాకే పేరు ఇవ్వండి. టైము ఉంటే తప్పకుండా ఎక్కండి. పది అంతస్తుల దగ్గర గడియారం చూసుకోండి. మీ లెక్కకంటే ముందున్నారా? అయితే మెల్లగా పొండి.